సీబీపీలో న్యూట్రోఫిల్స్ తక్కువ, మనిషికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో న్యూట్రోఫిల్స్ 36 శాతం అని వచ్చింది, పక్కన తక్కువ అని గుర్తు పెట్టారు. డబ్ల్యూబీసీ 3,800. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు నార్మల్. నాకు ఏ సమస్యా లేదు. నెట్‌లో చూస్తే బ్లడ్ క్యాన్సర్ దాకా వెళ్లింది. టెన్షన్ పడాలా?

జవాబు:

ముందు ఆ శాతాన్ని పక్కన పెట్టండి. డబ్ల్యూబీసీ అంటే మొత్తం తెల్ల రక్తకణాల సంఖ్య, న్యూట్రోఫిల్స్ వాటిలో ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం. డబ్ల్యూబీసీని న్యూట్రోఫిల్ శాతంతో గుణించి వందతో భాగిస్తే వచ్చేదే అసలు లెక్క. మీది 3,800లో 36 శాతం, అంటే 1,368. కొన్ని రిపోర్టుల్లో ఇదే ఆబ్సల్యూట్ న్యూట్రోఫిల్ కౌంట్ అని వేరే వరసలో ఉంటుంది, చూసుకోండి. ఇది 1,500 కన్నా తగ్గితే న్యూట్రోపీనియా అంటారు. 1,000 నుంచి 1,500 మధ్య ఉంటే తేలికపాటిది, 500 నుంచి 1,000 మధ్య ఓ మోస్తరు, 500 లోపు తీవ్రమైనది. డాక్టర్లు నిజంగా భయపడేది ఆ చివరి మెట్టుకే. మీరు ఉన్న మెట్టులో, మిగతా రక్తం బాగున్న మనిషికి ఇన్ఫెక్షన్ల ముప్పు పెద్దగా పెరగదు.

నేను హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రిపోర్టు పట్టుకుని కంగారుగా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు కౌంట్ తగ్గి ఉండదు. డబ్ల్యూబీసీ 7,200 ఉన్న మనిషికి కూడా 36 శాతం రావచ్చు, అప్పుడు లెక్క 2,592. అది పూర్తిగా నార్మల్. ఇంకో రకం తెల్ల కణాలైన లింఫోసైట్లు కాస్త ఎక్కువగా కనిపించినందుకు న్యూట్రోఫిల్స్ వాటా తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే. మీది అలాంటిది కాదు, నిజంగానే కొంచెం తక్కువ. కాబట్టి మీ విషయంలో అడగాల్సింది వేరు: ఈ 1,368 నమ్మదగ్గ సంఖ్యేనా, అయితే ఎందుకు తగ్గింది?

నమ్మకం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇది మా పని. చిన్న ల్యాబుల్లో రక్తపు చుక్కను స్లైడ్ మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో వంద కణాలు లెక్కపెట్టి శాతాలు రాస్తారు. వంద మాత్రమే లెక్కపెట్టినప్పుడు 36 అని వచ్చిందంటే అసలు విలువ 27 నుంచి 46 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మీ డబ్ల్యూబీసీతో చూస్తే అది సుమారు 1,030 నుంచి 1,750 దాకా. అంటే ఇంకో టెక్నీషియన్ లెక్కపెడితే మీకు తక్కువ అన్న గుర్తే ఉండేది కాదేమో. యంత్రం వేల కణాలు చూస్తుంది కాబట్టి ఈ తేడా బాగా తగ్గుతుంది. మీ రిపోర్టు ఏ పద్ధతిలో చేశారో ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగొచ్చు, చెప్తారు. అరుదుగా ఇంకోటి జరుగుతుంది. ఊదా రంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం వల్ల కొందరి న్యూట్రోఫిల్స్ ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. యంత్రం వాటిని సరిగ్గా లెక్కపెట్టలేదు. స్లైడ్ చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో విషయం. మన ఒంట్లో న్యూట్రోఫిల్స్‌లో ఎక్కువ భాగం ఎముక మజ్జలో నిల్వ ఉంటాయి. రక్తనాళాల్లోకి వచ్చినవాటిలో కూడా దాదాపు సగం గోడలకు అంటుకుని ఉంటాయి. సూదితో లాగిన రక్తంలో పడేది కదులుతున్నవి మాత్రమే. ఒక్క సీబీపీ చూసి మనిషి దగ్గర ఎన్ని న్యూట్రోఫిల్స్ ఉన్నాయో చెప్పడం, రోడ్డు మీద పోయే బస్సుల్ని లెక్కపెట్టి డిపోలో ఎన్ని ఉన్నాయో చెప్పడం లాంటిది. పరుగెత్తినా, భయపడినా, సిగరెట్ తాగినా కౌంట్ పెరుగుతుంది. పొద్దున్న మామూలుగా తక్కువ ఉండి మధ్యాహ్నానికి పెరుగుతుంది. హెల్త్ చెకప్‌కి మనం ఇచ్చేది పరగడుపున, కుర్చీలో ప్రశాంతంగా కూర్చున్నప్పుడు ఇచ్చే రక్తం. తక్కువ కనపడటానికి అంతకన్నా అనువైన సమయం లేదు.

ఇక ఎందుకు తగ్గుతుంది? మన దగ్గర నేను ఎక్కువగా చూసేది వైరల్ జ్వరం తర్వాత. మా తోడల్లుడి రిపోర్టు ఉదాహరణగా చెప్తాను, అతని అనుమతితోనే. డబ్ల్యూబీసీ 3,100, న్యూట్రోఫిల్స్ 34 శాతం, లింఫోసైట్లు 54 శాతం. న్యూట్రోఫిల్ లెక్క 1,054. లింఫోసైట్లు 54 అని చూసి ఇంట్లో అందరూ బెదిరిపోయారు గానీ, 3,100లో 54 శాతం అంటే 1,674 మాత్రమే, అది నార్మల్. హిమోగ్లోబిన్ 14.6, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, ఎర్ర కణాల సైజు చెప్పే ఎంసీవీ 88. అంటే మజ్జలో తయారయ్యే మిగతా రెండు రకాలూ బాగున్నాయి. గుచ్చి గుచ్చి అడిగితే, చెకప్‌కి కొద్ది రోజుల ముందు ఒళ్లునొప్పులతో జ్వరం వచ్చి పోయిందని, పారాసిటమాల్ వేసుకుని మర్చిపోయానని చెప్పాడు. స్లైడ్‌లో వైరస్‌తో పోరాడి రూపు మారిన లింఫోసైట్లు కొన్ని కనిపించాయి. చెడ్డ కణాలు లేవు. మందులేమీ ఇవ్వకుండా డాక్టర్ మూడు వారాలు ఆగమన్నారు. మళ్లీ చేస్తే డబ్ల్యూబీసీ 4,600, న్యూట్రోఫిల్స్ 46 శాతం, లెక్క 2,116. అక్కడితో ఫైలు మూసేశాం. డెంగ్యూ తర్వాత కూడా ఇలాగే జరుగుతుంది. అందరూ ప్లేట్‌లెట్ల మీదే కళ్లు పెట్టుకుంటారు కాబట్టి ఎవరూ గమనించరు.

నెట్‌లో వెతికితే మీకు బినైన్ ఎత్నిక్ న్యూట్రోపీనియా అనే మాట ఎదురై ఉంటుంది. కొందరికి వంశపారంపర్యంగానే కౌంట్ తక్కువ, అయినా రోగం కాదు అని. ఇది నిజమే, నేను మస్కట్‌లో పనిచేసినప్పుడు కళ్లారా చూశాను. కొందరు ఆరోగ్యవంతులైన ఒమానీ యువకులకు 1,200, 1,300 అని వచ్చేది, అక్కడి డాక్టర్లు కనుబొమ్మ కూడా ఎత్తేవారు కాదు. కారణం డఫీ అనే రక్తవర్గం. ఎర్ర కణాల మీద ఆ డఫీ ప్రొటీన్ లేనివాళ్లలో న్యూట్రోఫిల్స్ రక్తంలో తక్కువగా కనిపిస్తాయి. మజ్జలో తయారీకి ఏ లోటూ ఉండదు, ఇన్ఫెక్షన్ వస్తే పోరాటమూ మామూలే. ఆ ప్రొటీన్ లేకపోతే వైవాక్స్ మలేరియా పరాన్నజీవి ఎర్ర కణంలోకి దూరడం కష్టం. అందుకే ఆఫ్రికాలో చాలా చోట్ల, అరేబియాలో, యెమెన్ వైపు ఈ లక్షణం నిలబడిపోయింది. 1,500 అనే గీత అలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని గీసింది కాదు.

కానీ ఈ వివరణను మనం అరువు తెచ్చుకోకూడదు. మన జనాభాలో డఫీ ప్రొటీన్ లేనివాళ్లు చాలా అరుదు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలున్నాయి, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ నగరంలో ఉన్నారు. అలాంటి కుటుంబంలో పుట్టినవాళ్లకైతే డాక్టర్ ఈ కోణం ఆలోచించడం సబబే. బ్లడ్ బ్యాంకులో డఫీ గ్రూపు పరీక్షతో తేలిపోతుంది. మిగతావాళ్లు 'ఇది నా జాతి లక్షణం' అనుకుని రిపోర్టు పక్కన పడేస్తే, తెలుసుకోవాల్సిన కారణం తెలియకుండా పోవచ్చు.

ఆ కారణాల్లో మొదట చూసుకోవాల్సింది మందులు. థైరాయిడ్ మాత్ర అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. థైరాయిడ్ తక్కువైతే వేసుకునే థైరాక్సిన్‌తో ఈ సమస్య రాదు. ఎక్కువైతే ఇచ్చే కార్బిమజోల్‌తో మాత్రం కొద్దిమందికి న్యూట్రోఫిల్స్ ఒక్కసారిగా అడుగంటుతాయి. ఆ మందు వాడుతూ జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చెప్పి సీబీపీ చేయించాలి. సల్ఫాసలాజిన్, మెథోట్రెక్సేట్, మానసిక వైద్యంలో ఇచ్చే క్లోజపిన్, కొన్ని యాంటీబయాటిక్స్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. కౌంట్ మీ స్థాయిలో ఉన్నంత మాత్రాన సొంతంగా మందు ఆపేయకండి, డాక్టర్ని అడగండి. రెండోది బీ12 లోపం. మాంసం, గుడ్లు, పాలు పెద్దగా తీసుకోనివాళ్లలో ఇది మామూలే. అప్పుడు సాధారణంగా ఎంసీవీ 100 దాటుతుంది, హిమోగ్లోబిన్ కూడా పడుతుంది, స్లైడ్‌లో న్యూట్రోఫిల్ కేంద్రకం ఐదారు ముక్కలుగా కనిపిస్తుంది. ఇది తేలిగ్గా సరిచేయగలిగేది. బొప్పాయి ఆకు రసం గురించి తప్పకుండా ఎవరో ఒకరు చెప్తారు. లోపం ఏదీ లేనప్పుడు న్యూట్రోఫిల్స్‌ని పెంచే ఆకూ లేదు, కాయా లేదు.

మీరు చేయాల్సింది ఇది. రెండు నుంచి నాలుగు వారాలు ఆగి, మధ్యలో జలుబు, జ్వరం ఏమీ లేనప్పుడు, యంత్రంతో చేసే ల్యాబులో సీబీపీ, స్లైడ్ మీద కణాల్ని చూసే పెరిఫెరల్ స్మియర్ రెండూ చేయించండి. పాత రిపోర్టులు ఉంటే వెతకండి. ఉద్యోగంలో చేరినప్పటిదో, ఏదైనా ఆపరేషన్‌కి ముందు చేసిందో. మూడేళ్ల కిందటి రిపోర్టులో కూడా 1,400 ఉంటే అది ఒక రకంగా మంచి వార్తే, మీ ఒంటి తీరే అంత అని అర్థం. మూడు నెలలు దాటినా తక్కువే ఉంటే రక్త జబ్బులు చూసే హిమటాలజిస్టుని కలవండి. బీ12, ఫోలేట్, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, ఆటోఇమ్యూన్ పరీక్షలు రాస్తారు. అవన్నీ బాగుండి, ఒక్క న్యూట్రోఫిల్స్ మాత్రమే కొంచెం తక్కువగా నిలకడగా ఉంటే మజ్జ పరీక్ష దాకా సాధారణంగా వెళ్లరు, అప్పుడప్పుడూ సీబీపీ చేయించమంటారు.

వీటిలో ఏది కనిపించినా మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు ఆగొద్దు: కౌంట్ 1,000 లోపుకి పడటం, హిమోగ్లోబిన్ గానీ ప్లేట్‌లెట్లు గానీ కలిసి తగ్గడం, స్మియర్‌లో బ్లాస్ట్ కణాలు, అంటే ఇంకా ఎదగని కణాలు ఉన్నాయని రాయడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మెడలోనో చంకలోనో గడ్డలు, మాటిమాటికీ నోటి పుండ్లు, చిగుళ్ల వాపు, చీము గడ్డలు. ఈ పుండ్లు, జ్వరం దాదాపు మూడు వారాలకోసారి లెక్క తప్పకుండా వచ్చిపోతుంటే ఆ సంగతి డాక్టర్‌కి ప్రత్యేకంగా చెప్పండి. సైక్లిక్ న్యూట్రోపీనియా అనే అరుదైన జబ్బులో కౌంట్ అలా చక్రంలా పడి లేస్తుంది, ఒక్కసారి చేసిన సీబీపీకి దొరకదు. 500 లోపు ఉన్న మనిషికి 101 డిగ్రీల జ్వరం వస్తే అది ఎమర్జెన్సీ, అర్ధరాత్రైనా ఆసుపత్రికే వెళ్లాలి.