ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఏ గడిలో రాశారో చూపించమనండి

ప్రశ్న: అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల వ్యాపారం నాది. 2024 నవంబరులో ఒక ఫైనాన్స్ కంపెనీలో వ్యాన్ మీద లోన్ తీసుకున్నాను, ఫిక్స్‌డ్ వడ్డీ. ఇప్పుడు మొత్తం కట్టేస్తానంటే అసలు 3,10,000 మీద 5 శాతం ఫోర్‌క్లోజర్ ఛార్జీ, జీఎస్టీతో కలిపి 18,290 అదనంగా కట్టమంటున్నారు. ఇచ్చేటప్పుడు ఈ మాటే చెప్పలేదు. కాగితాలు పంపుతున్నాను. మాఫీ ఎలా అడగాలి?

జవాబు: మీ కాగితాల్లో నేను ముందు వెతికింది కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అండి, అంటే లోన్ వడ్డీ, ఛార్జీలన్నీ ఒకచోట రాసి ఇచ్చే కాగితం. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన రిటైల్, ఎంఎస్ఎంఈ టర్మ్ లోన్లకు అది తప్పనిసరి. అందులో ఫోర్‌క్లోజర్ ఛార్జీకి విడిగా ఒక గడి ఉంటుంది. మీ కాపీలో పెనాల్టీ గడి నింపారు, దాని కింద ఫోర్‌క్లోజర్ గడిలో చిన్న గీత పెట్టి వదిలేశారు. మీ బలమంతా ఆ గీతే. ఈ స్టేట్‌మెంట్‌లో రాయని ఛార్జీని, మీ స్పష్టమైన అంగీకారం లేకుండా, లోన్ నడిచినంత కాలం ఎప్పుడూ వసూలు చేయకూడదని ఆర్‌బీఐ 2024 ఏప్రిల్ 15 సర్క్యులర్ చెబుతోంది.

వాళ్లు అగ్రిమెంటులోని 6.2 క్లాజు చూపిస్తారు. అందులో ఉన్నది "కంపెనీ ఎప్పటికప్పుడు నిర్ణయించే ఛార్జీలు" అన్న మాట ఒక్కటే, శాతం లేదు. కాబట్టి వాళ్లు చెప్పేవరకు ఆగకుండా, ఆ క్లాజును మీరే ఉత్తరంలో ఎత్తి చూపండి:

"నా అగ్రిమెంటు 6.2 క్లాజులో రేటు లేదు. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఫోర్‌క్లోజర్ గడిలో ఏ మొత్తమూ రాయలేదు. ఆర్‌బీఐ 15-4-2024 సర్క్యులర్ ప్రకారం 15,500 ఛార్జీ, దాని మీద 2,790 జీఎస్టీ తీసేసి కొత్త ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ ఇవ్వండి. కుదరదంటే, నేను ఏ కాగితంలో ఒప్పుకున్నానో కాపీ ఇవ్వండి."

దీన్ని గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ చేయండి, బ్రాంచిలో ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ఒక్క దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. లోన్ క్లోజ్ చేయడానికి బ్రాంచిలో ఒక ఫారం ఇస్తారు. అడుగున చిన్న అక్షరాల్లో "వర్తించే ఛార్జీలకు అంగీకరిస్తున్నాను" అని ఉంటే, దాన్నే మీ అంగీకారంగా చూపిస్తారు. ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ఫొటో తీసుకోండి.

ఈ గొడవ తేలేదాకా లోన్ అలాగే ఉంచితే మీ 16 శాతం వడ్డీకి రోజుకి దాదాపు 136 రూపాయలు పడుతూనే ఉంటుంది. బండి అమ్మే తొందరలో ఉంటే మొత్తం కట్టేయండి. కానీ కట్టే ముందే "ఛార్జీకి అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, 18,290 వాపసు కోరుతున్నాను" అని మెయిల్ పెట్టండి. బాకీ లేదని ఇచ్చే ఎన్ఓసీ, ఆర్‌సీలో కంపెనీ పేరు తీయించడానికి కావలసిన ఫారం 35 అప్పుడే అడిగి తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

లోన్ ముందే తీర్చేస్తే వేసే ఛార్జీల మీద ఆర్‌బీఐ ఇచ్చిన 2025 నాటి ప్రీపేమెంట్ ఆదేశాలు మాత్రం ఉత్తరంలో రాయకండి. అవి 2026 జనవరి 1 నుంచి మంజూరైన, రెన్యూ అయిన లోన్లకే. తప్పు రూల్ రాస్తే దాన్ని పట్టుకుని ఉత్తరం మొత్తం తోసేస్తారు. ఇక వాళ్లు 5 శాతం రాసి, మీ సంతకం ఉన్న వేరే కాపీ తీశారా, ఈ వాదన నిలవదండి. అప్పుడు వాయిదాలు తప్పకుండా కట్టిన రికార్డు చూపించి, కొంత తగ్గించమని అడగడమే మిగులుతుంది.