పబ్లిక్ కీ: తాళంకప్ప అందరికీ, తాళంచెవి ఒక్కరికే

ప్రశ్న: స్లయిడ్‌లో తాళంకప్ప బొమ్మ, పక్కన 4³ mod 33 = 31 అని ఉంది. పబ్లిక్ కీ అందరికీ తెలిసినా రహస్యం ఎలా దాగుతుంది?

పబ్లిక్ కీతో సందేశానికి తాళం వేయగలమే కానీ తీయలేం. తీసే సంఖ్య వేరు, అది అందుకునేవారి దగ్గరే ఉంటుంది. తెరిచి ఉన్న తాళంకప్పను ఎవరైనా నొక్కి మూసేయొచ్చు. తెరవాలంటే మాత్రం తాళంచెవి కావాలి.

మీ స్లయిడ్‌లోని కప్ప (33, 3) అనే జత. 4ను పంపాలంటే దాన్ని మూడోఘాతం చేస్తే 64. 33తో భాగిస్తే శేషం 31, పంపేది అదే. శేషం మాత్రమే మిగలడం వల్ల, పెద్ద సంఖ్యలైతే మామూలు ఘనమూలంతో వెనక్కి రాలేం. రహస్య తాళంచెవి 7. 33తో భాగించి శేషం చూసే ఈ లెక్కలో 33 తీసేసినా, కలిపినా తేడా రాదు కాబట్టి 31 అంటే -2తో సమానం. దాని ఏడోఘాతం -128, దానికి 132 (33 × 4) కలిపితే మళ్లీ 4!

ఈ 7 ఎక్కడిది? 33 = 3 × 11. ఒక్కోదాంట్లో 1 తీసేసి గుణిస్తే 2 × 10 = 20. 3 × 7 = 21, 20తో భాగిస్తే శేషం 1. అంటే 33ను విడగొట్టగలిగినవారు 7ను కూడా పట్టేస్తారు. అందుకే నిజంగా వాడేది 617 అంకెల సంఖ్య. దాన్ని విడగొట్టే వేగవంతమైన పద్ధతి మామూలు కంప్యూటర్లకు ఇప్పటిదాకా దొరకలేదు.

చాలామంది 'కీ' అన్న పేరు చూసి పబ్లిక్ కీని తాళంచెవి అనుకుంటారు. బొమ్మలో అది కప్ప. మూసినవారు కూడా తిరిగి తెరవలేరు.