ప్రాంప్టర్ ఆగినా ప్రసంగం ఆగకుండా స్క్రిప్టు రాయడం

ప్రశ్న: మా డైరెక్టర్ గారు వచ్చే నెల ఒక సభలో టెలిప్రాంప్టర్ చూస్తూ ఆరు నిమిషాలు మాట్లాడాలి. మధ్యలో అది ఆగిపోతే ఆయన తడబడకుండా ముందుకు వెళ్లేలా స్క్రిప్టులోనే ఏమైనా ఆధారాలు పెట్టవచ్చా?

జవాబు:

పెట్టవచ్చు. అయితే వాటిని రాత పూర్తయ్యాక అతికిస్తే పనిచేయవు, రాయడం మొదలుపెట్టకముందే ఎంచుకోవాలి. ఇది నాకు ఒక పాల సహకార సంఘం వార్షిక సభలో తెలిసింది.

ఆ ఏడాది అధ్యక్షురాలి గారికి నేను రాసిచ్చిన ప్రసంగంలో ఐదు భాగాలు ఉన్నాయి: నాణ్యత, పారదర్శకత, ఖర్చులు, సంక్షేమం, భవిష్యత్తు. రెండో నిమిషంలో ఎవరి కాలో తగిలి ప్రాంప్టర్ వైరు ఊడిపోయింది. ఆవిడ చెబుతున్న వాక్యం చక్కగా పూర్తి చేశారు, ఆ భాగంలో ఇంకో రెండు మాటలు కూడా సొంతంగా చెప్పారు. తర్వాత ఏమిటో గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి ఆ కేంద్రంలో పాలు పోసిన మనిషి, విషయం తెలియక కాదు. ‘పారదర్శకత’ తర్వాత ‘ఖర్చులు’ రావడానికి నా రాతలో కారణమంటూ ఏదీ లేదు. మనుషులు ఒక భాగం మధ్యలో పెద్దగా ఆగరు, రెండు భాగాల అతుకు దగ్గర ఆగిపోతారు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మరుసటి ఏడాది అవే విషయాలను పాల ప్రయాణంగా రాశాను. పశువుల కొట్టం, సేకరణ కేంద్రం, పాలు చల్లబరిచే ట్యాంకు, లారీ ట్యాంకర్, వాడకందారు ఇంటి గుమ్మం. కొట్టం దగ్గర దాణా సంగతి, కేంద్రంలో వెన్న శాతం కొలత, ట్యాంకు దగ్గర విరిగిపోయే పాల నష్టం, లారీ దగ్గర డీజిల్ ఖర్చు, గుమ్మం దగ్గర ధర, బోనస్. ప్రతి మజిలీ కంటికి కనిపించేదే. పైగా ఆ వరుసను ఎవరూ తారుమారు చేయలేరు, పాలు అలాగే వెళతాయి కాబట్టి. మీ స్క్రిప్టులో ఏ రెండు భాగాలనైనా అటూ ఇటూ మార్చినా తేడా తెలియకపోతే, అక్కడే ఆయన ఆగిపోతారని అనుకోండి.

ఇక అతుకుల సంగతి. బడిలో చదువుకున్న ముక్తపదగ్రస్తం గుర్తుందా, ఒక పాదం ఏ మాటతో ముగుస్తుందో తర్వాతి పాదం ఆ మాటతోనే మొదలవడం? దాన్నే వాడాను. మొదటి భాగం చివర, “దాణా బాగుంటే పాలు చిక్కబడతాయి, ఆ చిక్కదనానికి విలువ కట్టేది మన కేంద్రం.” రెండో భాగం మొదట, “కేంద్రంలో పాలు పోసిన ప్రతి ఒక్కరికీ ఇప్పుడు చీటీ అందుతోంది.” దాని చివర, “చీటీతో మనం ఇంటికి వెళతాం, మన పాలు వెళ్లేది ట్యాంకులోకి.” వెంటనే, “ట్యాంకు ఆ పాలను 4 డిగ్రీలకు చల్లబరుస్తుంది.” ఇలాంటి నాలుగు జతలను మాత్రం ఆవిడ అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నారు. మిగతాది సొంత మాటల్లో చెప్పినా సరిపోతుంది. ఒక్కో భాగం నిమిషానికి కాస్త పైన ఉండేలా చూశాను. అంతకంటే పొడవైతే వచ్చే అతుకు చాలా దూరమైపోతుంది.

ప్రతి భాగానికీ మొదటి అక్షరం తీసుకుని ఒక పదం చేసుకోమని కొందరు సలహా ఇస్తారు. నేను వద్దంటాను. టెన్షన్‌లో అక్షరం గుర్తొస్తుంది, అది దేనికి పెట్టుకున్నామో గుర్తు రాదు.

రిహార్సల్‌లో ఆపరేటర్‌కి చెప్పి, ముందుగా తెలియనివ్వకుండా తెర ఆర్పించండి. అతుకు దగ్గర కాదు, భాగం నడిమధ్యలో. ఆయన తర్వాతి మజిలీకి చేరితే ఆ ఆధారం గట్టిదే. “కాబట్టి... అదేంటంటే...” అని సాగదీస్తే ఆ జత వాక్యాలను తిరగరాయండి, ఆయన్ని మళ్లీ మళ్లీ బట్టీ పట్టమనకండి. ఇంకోసారి తెర ఆర్పకుండా వేరే పాఠం పెట్టించండి. 1993 సెప్టెంబర్‌లో అమెరికన్ కాంగ్రెస్‌లో ఆరోగ్య సంస్కరణల గురించి మాట్లాడబోయిన అప్పటి అధ్యక్షుడు క్లింటన్‌కి ప్రాంప్టర్‌లో కనిపించింది పాత ప్రసంగం. అది సరిచేసేదాకా ఆయన కొన్ని నిమిషాలు దాని సాయం లేకుండానే మాట్లాడారు. ఖాళీ తెర కంటే తప్పు పాఠం కష్టం, కళ్లు దానివైపే లాగుతాయి. ఆ క్షణంలో చూపును ప్రాంప్టర్ అద్దం మీద నుంచి తప్పించి ముందు వరుసలో ఎవరో ఒకరి మీద నిలపడం అలవాటు చేయించండి.

వేదిక మీది పెద్దల పేర్లు, బోనస్ అంకెలు, చట్టపరంగా ఉన్నదున్నట్టు చదవాల్సిన వాక్యాలు ఏ ఆధారంతోనూ నిలవవు. వాటిని పెద్ద అక్షరాలతో ఒక అట్టముక్క మీద రాసి ఆయన చేతికే ఇవ్వండి. జేబులో పెడితే వెతుక్కోవడం మొదలవుతుంది.