స్టేషన్లు పెడితే బాగా చేసేవాళ్ళు నాలుగు నిమిషాల్లో ఖాళీ

ప్రశ్న: ఆరో తరగతి మ్యాథ్స్, 36 మంది. క్లాసును గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక్కో పని తిప్పుతా ఇచ్చే స్టేషన్లు పెడితే బాగా వచ్చినోళ్ళు ముందే ముగించి అల్లరి చేస్తారు, రానోళ్ళు దిక్కులు చూస్తా కూర్చుంటారు. ఒకే పీరియడ్‌లో ఇద్దరికీ సరిపడా పని ఎట్లా ఇస్తారు?

జవాబు: మాది అనంతపురం పక్కన పల్లె బడి, నాకూ మొదట్లో ఇదే గోల. ముందు ముగించినోళ్ళకి ఇంకో పది లెక్కలు ఇచ్చేదాన్ని, తొందరగా చేస్తే శిక్ష అన్నట్టు అయిపోయి వాళ్ళు కావాలనే నిదానంగా చేయడం నేర్చుకున్నారు.

ఇప్పుడు బెంచీలు జరపను, పిల్లల్నీ లేపను. మూడు గుంపులు ఎక్కడోళ్ళు అక్కడే, స్వీటు డబ్బాల్లో కార్డులు పెట్టి అవే తిప్పుతా. 45 నిమిషాల్లో 11 నిమిషాల రౌండ్లు మూడు, మిగతా టైము మొదట్లో చెప్పడానికి, చివర్లో చీటీకి. ఒక డబ్బాలో జతగా చేసే మామూలు లెక్కలు, ఇంకోదాంట్లో పజిల్, మూడోది నేను గుంపు పక్కన కూర్చుని చేయించేది. మొదటి రౌండులో నేను రానోళ్ళ గుంపు దగ్గరే ఉండాలి, అది మార్చొద్దు.

మొన్న 1/2 + 1/3 చేయమంటే సగం మంది 2/5 రాసినారు. తప్పు అనలేదు, 12 గళ్ళ కాగితం పట్టీ ఇచ్చి సగానికి, మూడో వంతుకి రంగు వేయమన్నా, ఆరు, నాలుగు, మొత్తం పది గళ్ళు. అదే పట్టీలో 2/5 అంటే ఐదు గళ్ళు కూడా రావు. ఒక పిల్ల "మేడమ్, సగానికి ఇంకొంచెం కలిపినాం కదా, సగం కంటే ఎట్ల తగ్గింది?" అనింది. నేను చెప్పాల్సిన మాట ఆ పిల్లే చెప్పేసింది.

అసలు కిటుకు పజిల్ డబ్బాలో ఉంది. లవం 1 ఉన్న రెండు వేరువేరు భిన్నాలు కలిపి 3/4 చేయండి, తర్వాత 7/12. రానోళ్ళు పట్టీ మీద గళ్ళు లెక్కపెట్టి చేస్తారు, 9 గళ్ళంటే 6, 3. బాగా వచ్చినోళ్ళకి పట్టీ ఉండదు, చివరి కార్డులో 4/5 ఉంటుంది. అది రెండిటితో రాదు, ఎందుకు రాదో రాయమంటా. పెద్దది 1/2 అయితే 3/10 మిగులుతుంది, దాని లవం 1 కాదు, 1/3తో మొదలుపెడితే రెండూ కలిసినా 4/5 దాకా పోవు. ఇది పట్టుకోవడానికి మా క్లాసులో ఫస్టు వచ్చే పిల్లోడికి రౌండు మొత్తం పట్టింది, నోరెత్తలేదు. రెండిటితో రాదని తేలినాక మూడిటితో చేయమనండి, 1/2 + 1/4 + 1/20.

చివర్లో అందరికీ చీటీ మీద ఒకటే లెక్క, 1/4 + 1/6. 2/10 రాసినోళ్ళు రేపు నా దగ్గర మొదట, 5/12 రాసినోళ్ళు పైకి. చీటీని బట్టి గుంపులు రోజూ మారతాయి కాబట్టి "మొద్దుల బెంచి" అనే పేరు పడలేదు, అంతకు ముందు పడింది, నా తప్పే.

కొత్త పాఠం మొదటి రోజు మాత్రం ఇది పెట్టొద్దు. నేను ఒకసారి పెట్టినా, డబ్బాలు తిరుగుతున్నాయి, ఎవరికీ ఏం చేయాలో తెలీదు, ముగ్గురు ముగ్గురు లేచొచ్చి నన్నే అడుగుతున్నారు.