వయొలిన్ నేర్చుకునే ఇద్దరు పిల్లలకి ఏం కొనాలి?

ప్రశ్న: మా మేనకోడలికి తొమ్మిదేళ్లు, వయొలిన్ క్లాసులో చేరి మూడు నెలలైంది. మా ఫ్రెండ్ కొడుకు ఐదేళ్లుగా నేర్చుకుంటున్నాడు, వర్ణాలు దాటి కృతులు వాయిస్తున్నాడు. ఇద్దరి పుట్టినరోజులూ ఈ నెలలోనే. పాపకి 1500, బాబుకి 5000 వరకు అనుకున్నా. నాకు సంగీతం అస్సలు తెలీదు. ఏం కొంటే నిజంగా పనికొస్తుంది? ఉండేది వైజాగ్‌లోనే.

జవాబు:

నాకూ వాయించడం రాదండీ. కాకపోతే మా అమ్మాయి ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటోంది, ఆ పెట్టె మోస్తున్నది నేనే. ఈ ఎనిమిదేళ్లలో చుట్టాలు ఇచ్చినవాటిలో, నేను కొన్నవాటిలో సగం అలమారాలోనే ఉండిపోయాయి. వయొలిన్ బొమ్మ ఉన్న కాఫీ కప్పులే మూడున్నాయి. కాబట్టి నా డబ్బు పోయిన చోట మీది పోకుండా చెప్తాను.

ముందు పాప సంగతి. మూడు నెలల పిల్లకి ఇంట్లో వచ్చే మొదటి ఇబ్బంది వాయించడం కాదు, శృతి. క్లాసులో గురువుగారు శృతి చేసి ఇస్తారు. ఇంటికొచ్చి పెట్టె తీసేసరికి తీగని బిగించే బిరడ ఒకటి జారి ఉంటుంది. వైజాగ్ వానాకాలంలో బిరడలు ఉబ్బి కదలవు, ఏసీ గదిలో పెడితే ఎండి వదులైపోతాయి. పిల్లకి శృతి తప్పిందని తెలీదు, మనకి అంతకన్నా తెలీదు. అలాగే సరళీ వరుసలు వాయిస్తుంది, వేలు సరైన చోటే వేసినా స్వరం తప్పు పలుకుతుంది. మా అమ్మాయి మొదటి ఏడాది వారానికి రెండుసార్లు "నాకు రావట్లేదు" అని ఏడ్చేది. సగంసార్లు తప్పు తనది కాదని తర్వాత తెలిసింది.

అందుకే పాపకి క్లిప్ ట్యూనర్ కొనండి. బట్టల క్లిప్పులా ఉంటుంది, వయొలిన్ తల దగ్గర, బిరడలు ఉండే పెట్టెకి తగిలిస్తారు. గాలిలో శబ్దం కాకుండా చెక్కలో అదురు పట్టుకుంటుంది కాబట్టి పక్కన టీవీ మోగుతున్నా పని చేస్తుంది. ఫోన్ యాప్‌కి ఆ సుఖం లేదు, పైగా ఫోన్ చేతికిస్తే సాధన ఎటు పోతుందో మీకు తెలుసు. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, అది 'క్రోమాటిక్', అంటే ఏ స్వరాన్నైనా చూపించేది అయ్యుండాలి. కేవలం వయొలిన్ మోడ్ ఉన్నది G, D, A, E అని పాశ్చాత్య శృతినే చూపిస్తుంది. మన పిల్లలు ఆ శృతిలో వాయించరు. మనది లావు తీగ నుంచి సన్న తీగ వరకు స, ప, స, ప.

దీన్ని ఇంట్లో వాళ్లకి అర్థమయ్యేలా ఒక చీటీ రాసి ట్యూనర్‌తో పాటు ఇవ్వండి. క్లాసులో ఏ శృతి పెడుతున్నారో పాప వాళ్ల అమ్మని అడిగి కనుక్కోమనండి. రెండు శృతి అంటే షడ్జమం, అదే స, D అవుతుంది, పంచమం, అదే ప, A అవుతుంది. అప్పుడు నాలుగు తీగలు మీటితే ట్యూనర్‌లో వరసగా D, A, D, A కనిపించాలి. మూడు శృతి అయితే E, B, E, B. ఈ నాలుగు అక్షరాలు వయొలిన్ పెట్టె మూత లోపల అతికిస్తే చాలు, సంగీతం రాని అమ్మ కూడా రెండు నిమిషాల్లో సరిచేసి ఇవ్వగలదు. ముందు బిరడతో దగ్గరికి తెచ్చి, తర్వాత కింద ఉండే చిన్న మరలతో సరిదిద్దాలి. బిరడ తిప్పేటప్పుడు కొంచెం లోపలికి నొక్కుతూ తిప్పాలి, లేకపోతే మళ్లీ జారుతుంది. సన్న తీగని మాత్రం మరీ పైకి లాగకండి, అక్షరం కలిసినా పై స్థాయి స్వరానికి లాగుతున్నారంటే తెగిపోతుంది. మేం రెండు తెంపాం.

మిగిలిన డబ్బులో ఒక మంచి రోజిన్ బిళ్ల, ఒక మెత్తటి నూలు గుడ్డ. రోజిన్ అంటే, తీగల మీద లాగి వాయించే కమాను వెంట్రుకలకి రాసే రాళ్లలాంటి బంక. కొత్త కమానుకి అది రాయకపోతే తీగ మీద ఎంత లాగినా శబ్దమే రాదు. నేను మొదటి రోజు వయొలిన్ పాడైందనుకుని పెట్టెతో సహా షాపుకి తిరిగి వెళ్లాను. వాళ్లు నవ్వలేదు, అది వాళ్ల మంచితనం. సెట్‌తో పాటు వచ్చే బిళ్ల పైన గాజులా నున్నగా ఉంటుంది, సరిగా అంటదు. సన్న గరుకు కాగితంతో పైపొర కాస్త గీకితే పొడి రాలడం మొదలవుతుంది. గుడ్డ దేనికంటే, వాయించాక తీగల మీద, వాటి కింద చెక్క మీద పడిన పొడి తుడవడానికి. రోజూ తుడవకపోతే అది వార్నిష్‌కి పట్టుకుపోతుంది.

పాపకి కొత్త వయొలిన్ మాత్రం కొనకండి, బడ్జెట్ పెరిగినా సరే. మా బావమరిది ప్రేమతో అదే చేశాడు. "ఎదిగే పిల్ల కదా, పెద్దదే ఉంటుంది" అని అప్పటికి తొమ్మిదేళ్లున్న మా అమ్మాయికి ఫుల్ సైజు తెచ్చాడు. మన పద్ధతిలో కింద కూర్చుని వయొలిన్ తల కుడికాలి చీలమండ దగ్గర ఆనిస్తారు కదా, ఆ సైజుకి దాని చెయ్యి పూర్తిగా చాపాల్సొచ్చింది, చిటికెన వేలు అందేది కాదు. నాలుగు నెలలకి వేళ్లు చాపి చాపి మణికట్టు నొప్పి మొదలైంది. చిన్న సైజుకి మారాం, పెద్దది మూడేళ్లు మంచం కింద ఉంది. సైజు సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే గడ్డం కింద పెట్టి ఎడమ చెయ్యి చాపించండి. వయొలిన్ తల అరచేతిలోకి వచ్చి వేళ్లు దాని చుట్టూ సులువుగా మడవగలగాలి. వేలి కొనలతో అందుకుంటుంటే పెద్దదని లెక్క.

ఇక బాబు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఐదేళ్లు వాయించినవాడికి ట్యూనర్ ఇస్తే మొహమాటానికి థాంక్స్ అంటాడు. వాడిప్పుడు తంబురా విని చెవితో శృతి చేసుకోవాలి. మా అమ్మాయి గురువుగారు విజయనగరం సంగీత కళాశాలలో చదివినాయన. 1919లో మొదలైన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు. నాలుగో ఏడు రాగానే మా అమ్మాయి ట్యూనర్ ఆయనే తీసేసుకున్నారు. "ముల్లు చూసి శృతి చేస్తే చెవి నిద్రపోతుందమ్మా" అన్నారు. ఆ ట్యూనర్ ఇప్పుడు ఇంకో చిన్నపిల్ల దగ్గరుంది.

ఆ వయసు వాడికి నిజంగా ఖర్చయ్యేవి తీగలు. మన గమకాలలో వేళ్లు తీగ మీద జారుతూనే ఉంటాయి, పైన చుట్టిన సన్నటి లోహపు పోగు ఆ జారిన చోట అరిగి పోతుంది. వేలు పోనిస్తే గరుకు తగులుతుంది, లేదా పోగు విడిపోయి కనిపిస్తుంది. బీచ్ దగ్గర ఇల్లైతే ఉప్పుగాలికి స్టీలు తీగ తుప్పు పడుతుంది, వాయించాక వేళ్లకి నల్లగా అంటుతుంది. ఇవేవీ లేకపోయినా, మూత పడ్డట్టు మొద్దుగా మోగుతుంటే తీగల పని అయిపోయినట్టే.

అయితే తీగలు సర్‌ప్రైజ్‌గా కొనకండి. నేను కొన్నాను. నవరాత్రుల్లో గుడిలో మా అమ్మాయి కచేరీ ఉందని, ఆన్‌లైన్‌లో బాగా పొగిడిన సెట్ ఒకటి తెప్పించి రెండు రోజుల ముందు ఇచ్చాను. మొదటి తప్పు సన్న తీగ దగ్గర. దాని చివర కొన్నిట్లో చిన్న పూస ఉంటుంది, కొన్నిట్లో ఉచ్చులాంటి కొస ఉంటుంది. మా వయొలిన్ మర పూసకి చేసింది, నేను తెచ్చింది ఉచ్చు రకం, కొక్కేనికి పట్టలేదు. రెండో తప్పు ముహూర్తం. సింథటిక్ తీగలు కొత్తలో రోజుల తరబడి సాగుతూనే ఉంటాయి. ప్రతి కీర్తనకీ మధ్య ఆగి బిరడలు తిప్పుకుంది పాపం.

మూడో తప్పు నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ పొగడ్తలన్నీ పాశ్చాత్య శృతిలో వాయించేవాళ్లవి. మనం రెండు శృతి పెడితే లావు తీగ G నుంచి D కి, సన్న తీగ E నుంచి A కి దిగుతుంది. అంటే తీగలన్నీ తయారుచేసినవాళ్లు అనుకున్నదానికన్నా బాగా వదులుగా ఉంటాయి. ఆ వదులులో ఒక బ్రాండ్ హాయిగా పలుకుతుంది, ఇంకోటి చప్పగా జీరపోతుంది. డామినంట్ లాంటి సింథటిక్ తీగలు కొందరి చేతికి బాగుంటాయి, కొందరికి స్టీలే ఇష్టం. అది వాడి చెవికి, వాడి గురువుగారికే తెలుస్తుంది.

కాబట్టి మీ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి రెండు అడగండి. ఇప్పుడున్న తీగల పేరేంటి, వయొలిన్ సైజెంత. ఇంకా, తీగలు కింద కట్టే చోట దగ్గర్నుంచి ఒక ఫొటో పంపమనండి, పూసో ఉచ్చో తెలిసిపోతుంది. అదే సెట్ కొంటే వాడుకుంటాడు. సింథటిక్ అయితే మీ 5000 మొత్తం దానికే సరిపోవచ్చు, కొన్నిసార్లు చాలకపోవచ్చు. అప్పుడు అరిగిన ఒకటి రెండు తీగలే విడిగా కొనండి, తప్పేం లేదు. మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చమనండి. నాలుగూ ఒకేసారి తీస్తే తీగలని ఎత్తి పట్టుకునే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన చిన్న చెక్క కూడా పడొచ్చు, దాన్ని మళ్లీ నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు.

నన్నడిగితే తీగలకన్నా మంచి కానుక ఇంకోటి ఉంది, పిల్లలు నోరు తెరిచి అడగనిది. కమానుకి కొత్త వెంట్రుకలు కట్టించడం. తీగ తెగితే కనిపిస్తుంది కానీ వెంట్రుకలు నెమ్మదిగా అరుగుతాయి, పట్టు తగ్గుతుంది, పిల్లవాడు తెలీకుండానే ఎక్కువ నొక్కుతాడు. గుర్తుపట్టడం సులువు. ఎంత రోజిన్ రాసినా కమాను జారుతుంటే, ఒక వైపు వెంట్రుకలు ఎక్కువ తెగి పలచబడి ఉంటే, మర చివరిదాకా బిగించినా వదులుగానే ఉంటే కట్టించాల్సిందే. ఆ ఆఖరిది మాత్రం వానాకాలంలో చూసి నిర్ణయించకండి, మన ఊరి తేమకి మంచి వెంట్రుకలు కూడా సాగుతాయి. మామూలు రోజున చూడండి. కమాను చెక్క కూడా పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. పక్కకి వంగిపోయి ఉంటే వెంట్రుకల మీద డబ్బు దండగ, ఆ 5000 కొత్త కమాను కోసం వాడి చేతికే ఇచ్చేయండి, వాడే నాలుగు వాయించి చూసి తెచ్చుకుంటాడు.

కట్టేవాళ్లెవరో వాడి గురువుగారినే అడగండి, వాళ్లకి నమ్మకమైన మనిషి ఉంటాడు. ఒక్క చిక్కు, కమాను కొన్ని రోజులు ఇంట్లో ఉండదు. రెండో కమాను లేకపోతే సాధన ఆగిపోతుంది. మా అమ్మాయి పాతది ఒకటి ఊరికే ఉంది, మీకు సీతమ్మధార దగ్గరైతే చెప్పండి, ఆ నాలుగు రోజులకి తీసుకెళ్లండి.