మోడు అనకండి, ఆ కొమ్మకు కళ్ళున్నాయి

ప్రశ్న: గురువుగారూ, మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పెరట్లో చెట్టు ఆకులన్నీ రాల్చేసింది, ఫొటోలు మూడు పంపుతున్నాను. పేరు తెలియాలంటే కొమ్మ మీద మచ్చలూ, బడ్స్ చూడమంటున్నారు. బడ్ అంటే మొగ్గేనా? ఆ మచ్చల్ని ఏమనాలి? చెట్టును మోడు అనొచ్చా? యాష్ అని తేలితే బూడిద చెట్టు అని రాయాలా?

జవాబు: ముందు మోడు సంగతి చెప్తానమ్మా. బతుకు మోడైపోయింది అన్నప్పుడు మనకు వినిపించేది ఇక చిగురించదు అనే అర్థం. మీ చెట్టు అలాంటిది కాదు, చలికి ఆకు రాల్చి ఊరుకుందంతే. ఆకు రాల్చిన చెట్టు అనండి చాలు.

మొగ్గ అంటే తప్పేం కాదు. తోటపనివాళ్ళు మొగ్గ అంటు కట్టడం అంటూనే ఉంటారు, పాఠ్యపుస్తకాలు కోరకం అంటాయి. కాకపోతే ఇంట్లో మొగ్గ అనగానే మనసు పువ్వు మీదికే పోతుంది. నాకు నచ్చిన మాట కన్ను. చెరకు రైతు తను నాటే ముక్కను మూడు కళ్ళ ముచ్చె అంటాడు చూడండి, కణుపు దగ్గర గట్టిగా ముడుచుకుని అదును కోసం కాచుకున్న ఆ చిన్న బుడిపే కన్ను, మీ రెండో ఫొటోలో ఉన్నదీ సరిగ్గా అదే. దాని కిందే ఆకు కాడ ఊడిన చోటు ఉంటుంది, దాన్ని ఆకుమచ్చ అంటే అందరికీ అర్థమవుతుంది. బొప్పాయి మాను మీద వరసగా కనిపించే మచ్చలు ఇవే కదా, ఆ చెట్టుకు ఆకు పెద్దది కాబట్టి మచ్చా పెద్దది.

ఇప్పుడు మీ చెట్టు. మా అమ్మాయి దగ్గర ఓహాయోలో రెండు చలికాలాలు గడిపాను, అక్కడి చెట్లను ఆకుల్లేకుండానే గుర్తుపట్టడం అప్పుడే అలవాటైంది. ముందు చూడాల్సింది కళ్ళు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి ఇటు ఒకటి అటుగా మారుతూ ఉన్నాయా అని. పుస్తకాల్లో మొదటిది అభిముఖం, రెండోది ఏకాంతరం. మీ మొదటి ఫొటోలో చెట్టంతా కనిపిస్తోంది కానీ దాన్ని బట్టి ఇది తేల్చకండి, జంటలో ఒక కొమ్మ విరిగిపోయో ఎండిపోయో ఉంటే ఎదురెదురు కొమ్మలు కూడా మారుతున్నట్టే కనిపిస్తాయి. లేత పుల్ల మీద నాలుగైదు కణుపులు చూస్తే మోసం ఉండదు, కొమ్మ పోయినా మచ్చ మిగులుతుంది. మీ పుల్ల మీద అన్నీ ఎదురెదురే. అక్కడి పెద్ద చెట్లలో అలా ఉండేవి కొద్దే, ముఖ్యంగా మేపుల్, యాష్.

ఆ రెంటినీ విడదీసేది ఆకుమచ్చే. మేపుల్ మచ్చ సన్నగా నెలవంకలాగానో V అక్షరంలాగానో ఉంటుంది, అందులో సాధారణంగా మూడు చుక్కలు. ఆకులోకి నీరు తీసుకెళ్ళిన నాళాలు తెగిన గుర్తులు అవి. మీ మూడో ఫొటోను పెద్దది చేసి చూశాను, మచ్చ వెడల్పుగా ఉంది, చుక్కలు మూడు కాదు, వంపుగా ఒక గీతలో బోలెడు. పుల్ల లావు, కొసన కన్ను మొద్దుగా ముదురు గోధుమరంగులో ఉంది. ఇది యాషే. ఇంకొంచెం ముందుకెళ్ళొచ్చు కూడా, మచ్చ పై అంచు లోపలికి గుంటలా వంగి ఆ గుంటలో కన్ను కూర్చుని ఉంటే వైట్ యాష్, పై అంచు దాదాపు తిన్నగా ఉండి కన్ను దాని మీద ఉంటే గ్రీన్ యాష్. మీ ఫొటోలో గుంట స్పష్టంగా ఉంది కాబట్టి నేను వైట్ యాష్ వైపే మొగ్గుతాను. అయితే ఒక్క మచ్చ చూసి జాతి ఖాయం చేయకూడదు, ఒకే చెట్టులో కూడా అంచు మారుతుంటుంది. ఎండ తగిలే కొమ్మల నుంచి ఇంకో మూడు నాలుగు పుల్లలు తీసి, కొలత తెలియడానికి పక్కన ఒక నాణెం పెట్టి, మచ్చకు ఎదురుగా ఫొటో తీసి పంపండి.

బూడిద చెట్టు మాత్రం వద్దమ్మా. ఇంగ్లీషులో చెట్టు యాష్, బూడిద యాష్ ఇప్పుడు ఒకేలా పలుకుతున్నా పుట్టుకలో వేరువేరు మాటలు, పాత ఇంగ్లీషులో వాటి రూపాలే వేరు. ఆ చెట్టు మన నేల మీద మనకు తెలిసింది కాదు, యాష్ చెట్టు అనే రాయండి. మౌంటెన్ యాష్ అని ఇంకోటుంది, పేరు చూసి దాన్నీ ఇందులో కలపకండి, దాని కళ్ళు ఎదురెదురుగా ఉండవు.

పేరు తేలింది కాబట్టి మాను బెరడు కూడా ఒకసారి చూడండి. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ముఖ్యంగా యాష్‌లనే చంపుతోంది. అది బయటికొచ్చిన రంధ్రం మూడు మిల్లీమీటర్లంత, D అక్షరం ఆకారంలో ఉంటుంది. అలాంటివి కనిపిస్తే మార్చి దాకా ఆగకుండా చెట్ల డాక్టరును పిలవండి.