వార్నింగ్ లెటర్‌ని పర్సనల్ ఫైల్లో ఎలా ఎక్కించాలి?

ప్రశ్న: సార్, విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో ఆఫీసు పని చూస్తాను. ఒక వర్కర్‌కి ఇచ్చిన వార్నింగ్ లెటర్, సూపర్‌వైజర్ రాసిన నోట్లు కలిపి తేదీలవారీగా ఒక పేజీ రాసి అతని ఫైల్లో పెట్టమన్నారు. అతను నాకు తెలిసినవాడే, టెన్షన్‌గా ఉంది. ఎలా రాయాలి?

జవాబు: ఎంక్వైరీలో రుజువయ్యేదాకా ఆ లెటర్‌లో ఉన్నది ఆరోపణే. కాబట్టి జరిగినట్టు కాదు, ఎవరు ఏ కాగితంలో ఏమని రాశారో రాయండి.

సూపర్‌వైజర్ నోట్‌లో "10న మళ్లీ లేటుగా వచ్చాడు, అడిగితే తిరగబడ్డాడు" అని ఉందనుకోండి. మీ పేజీలో ఇలా రావాలి: "10-03-2025: షిఫ్టు ఉదయం 8 గంటలకు. బయోమెట్రిక్‌లో హాజరు 8.40. కారణం అడిగితే 'తిరగబడ్డాడు' అని సూపర్‌వైజర్ 13-03-2025న రాసిన నోట్‌లో ఉంది." 'మళ్లీ' తీసేశాం, ఇంతకుముందు లేటుగా వచ్చి ఉంటే ఆ తేదీలే పైన కనబడతాయి కదా. 'తిరగబడ్డాడు' అన్నది మాత్రం సూపర్‌వైజర్ అభిప్రాయం, అందుకే కొటేషన్‌లో ఆయన మాటగానే ఉంచాం. మీరు 'అన్నాడట' అని రాస్తే నమ్మనట్టు, 'అన్నాడు' అని రాస్తే దగ్గరుండి చూసినట్టు ఉంటుంది, రెండూ వద్దు. నోట్ మూడు రోజుల తర్వాత రాశారన్న సంగతి కూడా వదలకండి, రేపు ఎంక్వైరీలో మొదట అడిగేది అదే. అసలు ఏం మాటలు అన్నాడో ఇప్పుడు సూపర్‌వైజర్‌ని అడిగి పాత నోట్‌లో ఉన్నట్టు కలిపేయడం చాలా తప్పు. ఆయన చెప్పదలిస్తే ఈ రోజు తేదీతో వేరే కాగితం ఇవ్వాలి.

లెటర్‌లో నాలుగు రోజులు లేటు అని ఉండి, రిజిస్టర్‌లో మూడే కనబడితే మీరు సరిదిద్దకండి. రెండూ పక్కపక్కన రాసి మేనేజర్‌కి చెప్పండి, లెటర్‌లో తప్పుంటే సవరణ లెటర్ ఇవ్వాల్సింది వాళ్లు.

అతని సంజాయిషీకి కూడా అంతే చోటివ్వండి. "దారిలో బస్సు చెడిపోయింది" అని రాసిస్తే ఆ మాటే పెట్టండి, 'సాకు చెప్పాడు' అని కాదు. సంజాయిషీ అడిగిన కాగితమే దొరకకపోతే "ఫైల్లో లేదు" అని రాయండి. ఇది రాయడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ ఆ కుర్రాడికి ఉపయోగపడేది ఆ ఒక్క లైనే కావచ్చు.

పాత రికార్డు చూసి శిక్ష పెంచాలంటే, ఆ సంగతి ముందే ఉద్యోగికి చెప్పి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని మంచే గౌడ కేసులో 1963లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రభుత్వోద్యోగి కేసే అయినా, ప్రైవేటు కేసుల్లోనూ మేం ఆ వాదన చేస్తాం. అందుకే అతనికి ఒక కాపీ ఇచ్చి సంతకం తీసుకోమని మేనేజర్‌కి చెప్పండి, తీసుకోనంటే ఆ సంగతి తేదీ వేసి రాయండి. ఒరిజినల్ నోట్లు ఒక్కటి కూడా చింపకుండా ఆ పేజీ వెనకే ఉంచి, కింద "పై కాగితాల నుంచి తయారుచేసినది" అని మీ పేరు, తేదీ వేయండి.